చివరి తేదీ కాదు, మొదలుపెట్టాల్సిన తేదీ చూడండి

కనిగిరిలో డిగ్రీ ఫైనలియర్ చదివే ఎవరి ఫోనైనా ఒకసారి చూడండి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఒకటి, ఇంటర్‌లో నెట్ సెంటర్ వాళ్లు తెరిచిచ్చిన జీమెయిల్ ఒకటి, ఉద్యోగాల సైట్ల కోసం పెట్టుకున్నది ఇంకొకటి. వీటికి తోడు నాలుగైదు వాట్సాప్ గ్రూపులు. స్కాలర్‌షిప్ ఓటీపీ మాత్రం పొలంలో ఉన్న అమ్మ ఫోన్‌కి వెళ్తుంది! ఇన్ని చోట్ల వచ్చేవన్నీ చదవలేం, చదవనక్కర్లేదు కూడా. ఏది ముందు పట్టుకోవాలో తెలిస్తే చాలు.

చాలామంది చివరి తేదీ దగ్గరున్నదాన్ని ముందు పట్టుకుంటారు. నా ఉద్దేశంలో సగం నష్టం ఇక్కడే జరుగుతోంది. చూడాల్సింది పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఆ పనికి ఇంకెవరి సంతకమైనా కావాలంటే, వాళ్లకు పట్టే రోజుల్ని చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కేయాలి.

ఒక సోమవారం ఉదయం మీకు నాలుగు సందేశాలు వచ్చాయనుకోండి. ఒకటి, పరీక్ష ఫీజు కట్టడానికి గురువారం ఆఖరు. రెండు, ప్లేస్‌మెంట్ డ్రైవ్ ఫారం ఈ సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. మూడు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీ దరఖాస్తు Defective అని వచ్చింది, సరిచేయడానికి వచ్చే సోమవారం దాకా గడువుంది. నాలుగు, ‘మీరు సెలెక్ట్ అయ్యారు, 1,500 రూపాయలు కట్టండి’.

నాలుగోదాన్ని పక్కన పెట్టేయండి. ఉద్యోగం ఇవ్వడానికి ఎదురు డబ్బు అడిగితే అది మోసమే. లింకు నొక్కొద్దు. డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మిగిలిన మూడింటిలో తీరిగ్గా కనిపించేది స్కాలర్‌షిప్. వారం టైముంది కదా అనిపిస్తుంది. కానీ డిఫెక్టివ్ అంటే దరఖాస్తు కొట్టేశారని కాదు, పరిశీలించినవాళ్లు తప్పు దిద్దమని మీకు తిప్పి పంపారని అర్థం. మీరు దిద్ది మళ్లీ సబ్మిట్ చేయకపోతే అది అక్కడే ఆగిపోతుంది. సమస్య ఆదాయ ధ్రువపత్రంతో అయితే కొత్తదానికి సచివాలయంలో అప్లై చేయాలి. అది వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దార్‌ల చేతులు దాటి రావాలి. దానికి ఐదు రోజులు పడుతుందనుకుంటే, మధ్యలో ఆదివారం పోగా మీకు మిగిలింది ఈ ఒక్కరోజే.

కాబట్టి సోమవారం వరస ఇలా ఉంటుంది. పొద్దున్నే scholarships.gov.in అని మీరే టైప్ చేసి లాగిన్ అయి, కారణం చదవండి. సచివాలయం తెరవగానే వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. అక్కడ వరసలో నిలబడినప్పుడే ప్లేస్‌మెంట్ ఫారం నింపేయొచ్చు, రెజ్యూమే ఫోన్‌లో ఉంటే అది పది నిమిషాల పని. కానీ దాన్ని సాయంత్రానికి వాయిదా వేయకండి, మూసేసిన ఫారం మళ్లీ తెరవమంటే సాధారణంగా తెరవరు. పరీక్ష ఫీజు మంగళవారం కట్టినా ఏమీ కాదు. గురువారం దాటినా మామూలుగా ఫైన్‌తో కట్టే అవకాశం ఇస్తారు. డబ్బు పోతుందే తప్ప అవకాశం పోదు.

అంటే ప్రతి సందేశాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. నేను చేయాల్సిన పని ఏమైనా ఉందా? ఇంకెవరి చేయి పడాలి? తప్పిపోతే మళ్లీ దొరుకుతుందా? మొదటిదానికి జవాబు ‘లేదు’ అయితే వదిలేయండి. ఉంటే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేయండి, అది కూడా మొదలుపెట్టాల్సిన రోజున. సందేశంలో తేదీయే లేకపోతే ఆ రోజే ఆఫీసులోనో ప్లేస్‌మెంట్ సార్‌నో అడగండి.

ఇది నడవాలంటే అన్నీ ఒకచోట కనబడాలి. జీమెయిల్ యాప్‌లో మీ ఖాతాలన్నీ చేర్చి All inboxes తెరిస్తే అన్ని మెయిళ్లూ ఒకే వరసలో వస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే సరిపోతుంది. స్పామ్‌లో పడ్డవి 30 రోజులకు వాటంతటవే పోతాయి, అందుకని ఆదివారం ఒక్కో ఖాతాలో ఇలా వెతకండి:

```
in:spam newer_than:7d
```

ఒక్క లోటు మాత్రం ఏ యాప్ తీర్చలేదు. పోర్టల్‌లో ఇచ్చిన నంబరు రీచార్జ్ లేక ఆగిపోయిన పాత సిమ్ అయితే, డిఫెక్టివ్ అన్న కబురే మీకు చేరదు. ఈ సాయంత్రం లాగిన్ అయి, అక్కడ ఉన్నది ఎవరి నంబరో చూసుకోండి. అమ్మదైతే, ఓటీపీ కావాల్సిన పని ఆమె పొలానికి వెళ్లకముందే ముగించండి.