మెసేజ్ రాసే ముందు ఒక ఫోన్

పుట్టినరోజు మెసేజ్ చప్పగా ఉంటే లోపం మన రాతలో కాదు, మనం అడిగిన ప్రశ్నలో ఉంటుంది. "అత్తమ్మలో నీకేం నచ్చుతది?" అంటే ఎవరైనా "మంచిది, ఓపికెక్కువ" అనే అంటారు. అది ఏ అత్తమ్మకైనా అతుకుతుంది.

మా అత్తమ్మకు అరవై నిండుతుంటే యారాలికి ఫోన్ చేసి వేరేగా అడిగాను. ఆమె రోజూ అనే మాటేంటి? ఏ వస్తువు ఎవర్నీ ముట్టనివ్వదు? నీ కోసం ఎప్పుడైనా పట్టుబట్టిందా? మూడోదానికి యారాలు కాసేపు ఆగింది.

"నేను బీఎడ్‌కు పోతానంటే మామయ్య వద్దన్నడు అక్కా. మొదటిరోజు అత్తమ్మ తన గొల్లభామ చీర కట్టించి, కోమటిచెరువు దాకా నడిచొచ్చి ఆటో ఎక్కించింది."

"ఎక్కించేటప్పుడు ఏమన్నది?"

"పొద్దుమీకి వంట నేను చూసుకుంట, నువ్వు పో అన్నది."

ఈ రెండో ప్రశ్న వదలొద్దు. జరిగింది చెప్పి మనుషులు ఆగిపోతారు, అన్న మాట అడిగితేనే బయటికొస్తుంది.

మామయ్య వద్దన్న సంగతి తీసేశాను. ఫ్యామిలీ గ్రూపులో ఆయనా ఉంటాడు కదా! మిగిలినదానితో ఇలా రాశాను:

"అత్తమ్మా, మీ గొల్లభామ చీర కట్టుకొని బీఎడ్‌కు పోయిన పిల్ల ఇప్పుడు టీచరమ్మ. ఆ పొద్దుమీకి వంట మీరు చేశారు. ఇయ్యాల మేం చేస్తం."