ట్యాగ్‌పై 36.. టేపు పెడితే 41: సైజు అంకెను నమ్మొచ్చా?

ఒకే నడుము, ఒకే రోజు, ఒకే మాల్. ఒక షాపులో 34 సైజు ప్యాంటు బటన్ పడదు. పక్క షాపులో అదే 34 బెల్టు లేకపోతే జారిపోతుంది. ఇంటికొచ్చాక చాలామంది తమ పొట్టనే అనుమానిస్తారు. అనుమానించాల్సింది ట్యాగ్‌ను.

2010లో అమెరికన్ పత్రిక ఎస్క్వైర్‌లో ఒక రచయిత చేసిన పని చాలా సులువైనది. వేర్వేరు బ్రాండ్ల 36 సైజు ప్యాంట్లు తెచ్చి, నడుము పట్టీకి టేపు పెట్టి కొలిచాడు. తక్కువ తేడా ఉన్నది 37 అంగుళాలు వచ్చింది. ఎక్కువ తేడా ఉన్నది 41. ‘ఎస్’, ‘ఎమ్’ లాంటి అక్షరాలు అంటే ఏ కొలతో ఎవరూ మాటివ్వలేదు. కానీ 36 అనేది అంగుళాల లెక్క. మాటిచ్చిన ఆ అంకె కూడా అయిదు అంగుళాలు తప్పింది.

ఈ తేడా అంతా మోసమేనా? కాదు. సగం కారణాలు ఫ్యాక్టరీలోనే ఉంటాయి. వాటిని పక్కకు తీస్తే మిగిలేదే ‘వ్యానిటీ సైజింగ్’. అంటే బట్టను పెద్దదిగా కుట్టి, చిన్న సైజు ట్యాగ్ తగిలించడం.

శరీరం కొలతా, బట్ట కొలతా?

ఛాతీ చుట్టుకొలత 38 అంగుళాలున్న ఒక మహిళ ఆన్‌లైన్‌లో రెండు కుర్తాలు తెప్పించుకుందనుకుందాం. రెండిటి మీదా 40 అనే ఉంది. మొదటి బ్రాండ్ లెక్కలో 40 అంటే కుట్టిన కుర్తా కొలత. అంటే ఆమె శరీరానికీ బట్టకూ మధ్య 2 అంగుళాల వదులు ఉంటుంది. కుర్తా ఒంటికి సరిగ్గా అమరుతుంది. రెండో బ్రాండ్ లెక్కలో 40 అంటే శరీరం కొలత. దానికి మరో 3 అంగుళాల వదులు కలిపి 43 అంగుళాలకు కుడతారు. ఆమెకు అది 5 అంగుళాలు వదులవుతుంది. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ ఒకే అంకెను రెండు వేర్వేరు వస్తువులకు పెట్టారంతే.

దీనికి మరో రెండు తోడవుతాయి. పదుల పొరల గుడ్డను ఒకేసారి కోసి, వేర్వేరు చేతుల మీద కుట్టేటప్పుడు అన్నీ అచ్చు ఒకేలా రావు. అందుకే తనిఖీలో అర అంగుళం అటూ ఇటూ ఉన్నా సరేనంటారు. అంటే ఒకే బ్రాండ్, ఒకే సైజులో రెండు కుర్తాల మధ్య అంగుళం తేడా ఉన్నా రెండూ పాసైనట్టే. ఇక నూలు గుడ్డ తొలి ఉతుకుకు 3 శాతం కుంచించుకుపోతే 40 అంగుళాల కుర్తా 39 కన్నా కిందికి దిగుతుంది.

అన్నిటికన్నా లోతైన కారణం ఇంకొకటి. ప్రతి బ్రాండూ ముందుగా ఒక మోడల్ ఒంటిమీద ఒక సైజు సరిచూసుకుంటుంది. మిగతా సైజులన్నీ ఆ నమూనాను లెక్క ప్రకారం పెంచో తగ్గించో తయారుచేస్తారు. ఒక బ్రాండ్ మోడల్ సన్నని కాలేజీ అమ్మాయి, ఇంకో బ్రాండ్ మోడల్ నలభై ఏళ్ల గృహిణి అయితే, ఆ తేడా ‘ఎస్’ నుంచి ‘డబుల్ ఎక్స్ఎల్’ దాకా వెంటాడుతుంది. ఛాతీ సరిపోయినా భుజమో తుంటో పట్టేయడం అందుకే.

అంకె ఎలా కరిగిపోయింది

అమెరికా వ్యవసాయ శాఖ 1939-40లో దాదాపు 15 వేల మంది మహిళల కొలతలు తీయించింది. శ్వేతజాతేతరుల కొలతలను లెక్కలోంచి తీసేశారు. ఆ సమాచారం ఆధారంగా 1958లో ఒక జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో 8 సైజు అంటే నడుము 23.5 అంగుళాలు. కంపెనీలు దాన్ని పాటించి తీరాలన్న నిబంధన లేదు. 1983లో ప్రభుత్వం ఆ ప్రమాణాన్నే ఉపసంహరించుకుంది. ఇప్పటి పట్టికల్లో అదే 8 సైజు నడుము 5 అంగుళాలకు పైగా పెరిగింది.

జనం లావయ్యారు, నిజమే. కానీ జనం లావైతే పెద్ద అంకె కొనాలి. ఇక్కడ అంకె కదలకుండా బట్ట పెరిగింది. కారణం అమ్మకం. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు అరధ్నా కృష్ణ, నీలూఫర్ ఐదినోగ్లూతో కలిసి 2012లో ప్రచురించిన పరిశోధన దీన్ని పరిశీలించింది. చిన్న సైజు ట్యాగ్ చూసినప్పుడు మనిషి తనను తాను సన్నగా ఊహించుకుంటాడనీ, ఆ ఊహ బట్ట మీద ఇష్టాన్ని పెంచుతుందనీ వారు తేల్చారు. ఒక కంపెనీ ఆ పని చేశాక, నిజం చెప్పే పక్క కంపెనీ బట్ట ‘బిగుతు’ అనిపిస్తుంది. దాంతో అదీ ట్యాగ్ మార్చక తప్పదు.

ప్యాంట్ల విషయంలో ఒక జాగ్రత్త. బొడ్డు కింద నిలిచే ప్యాంటుకు పట్టీ సహజంగానే పొడవుండాలి. ఎందుకంటే అక్కడ ఒంటి చుట్టుకొలత ఎక్కువ. కాబట్టి 34 ట్యాగ్ ఉన్న లో రైజ్ జీన్స్ 36 ఉంటే దాన్ని వ్యానిటీ అనలేం. నడుము దగ్గర నిలిచే ప్యాంటు 34 అని రాసి 37 ఉంటే మాత్రం అనుమానం లేదు.

మన సంగతి

మన దేశానికి సొంత సైజు పట్టిక లేకపోవడంతో ఇక్కడి బ్రాండ్లు అమెరికా, బ్రిటన్ పట్టికలను తెచ్చి, తమకు తోచినట్టు సర్దుకుంటూ వచ్చాయి. ఈ లోటు పూడ్చడానికి కేంద్ర జౌళి శాఖ మద్దతుతో నిఫ్ట్ ‘ఇండియా సైజ్’ సర్వే చేపట్టింది. హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవడం లక్ష్యం. అమ్మిన దుస్తుల్లో 20 నుంచి 40 శాతం వెనక్కి వస్తున్నాయని ఈ ప్రాజెక్టు గురించి ప్రభుత్వమే చెప్పింది. ఆ రానుపోను ఖర్చు చివరికి చేరేది బట్ట ధరలోకే.

అయితే పట్టిక వస్తే అన్నీ సర్దుకుంటాయనుకోలేం. పట్టిక సగటు భారతీయ ఒంటి ఆకారం చెబుతుంది. మోడల్‌నూ భుజం కొలతనూ సరిచేసుకోవడానికి అది పనికొస్తుంది. ఎంత వదులు పెట్టాలో, ట్యాగ్ మీద ఏ అంకె వేయాలో మాత్రం వ్యాపారి చేతిలోనే ఉంటుంది. 1958 నాటి అమెరికా ప్రమాణం విఫలమైంది సరిగ్గా ఇక్కడే.

అందుకే అక్షరం కన్నా సెంటీమీటర్లు ముఖ్యం. విడిగా అమ్మే దుస్తులపై ‘ఎస్’, ‘ఎమ్’, ‘ఎల్’ వంటి గుర్తులతో పాటు మెట్రిక్ కొలత కూడా ఉండాలని 2022లో కేంద్రం తూనికలు కొలతల నిబంధనలను సవరించింది. ట్యాగ్ మీద ‘టు ఫిట్ చెస్ట్ 96 సెం.మీ.’ అని ఉంటే అది మీ ఒంటి కొలత. ఆన్‌లైన్‌లో ‘గార్మెంట్ మెజర్‌మెంట్’ అని ఉంటే అది బట్ట కొలత. రెండోది దొరికితే ఒళ్లు కొలుచుకోనక్కర్లేదు. మీకు బాగా అమరిన పాత కుర్తానో చొక్కానో మంచం మీద పరిచి, చంక కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచి, రెట్టింపు చేయండి. ఆ అంకెను పట్టికతో పోల్చండి. మన వీధి టైలర్ ‘ఆది బట్ట’ తెమ్మని అడిగేది ఇందుకే. ట్యాగ్‌పై ఏ అంకె ఉందో అతను ఎప్పుడూ అడగలేదు.