సారూ, మీ రిటైర్మెంటు రెండేళ్లు ముందొచ్చింది

మిత్రులారా, ఈ వారం రాయాల్సింది వేరే ఉండె. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

జూన్ 30న కదిరి దగ్గర ఒక ఊరి బడిలో మా సారు పదవీ విరమణ సభ. ముప్పై ఏళ్ల సర్వీసు. పూర్వ విద్యార్థిగా నన్ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. సన్మాన పత్రం కూడా నన్నే రాయమని, నమూనా కోసం పోయినేడు ఎవరికో ఇచ్చిన పత్రం ఫోన్‌కు పంపించినారు. "విద్యాదాతా, జ్ఞానజ్యోతీ, గురుదేవా" అని మొదలైతాది. పేరు మార్చితే చాలంట.

నేను రాయలేదు. ద్రోణుడిని గురువని మొక్కే దేశంలో గురువును దేవుడంటే ఆ మాట ఎవరి వేలు అడుగుతుందో మనకు తెలుసు. మా సారు దేవుడు కాదు. ఆయన ఒక ఉద్యోగి. తన పనిలో భాగమైన ఒక రిజిస్టర్‌ను సరిగా రాసిన ఉద్యోగి. ఆ పని ఎంత అరుదో చెప్పడానికి మూడు నిమిషాలు చాలవు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

సారూ,

1996లో మీరు మా బడికి కొత్తగా వచ్చినారు. జూన్‌లో మా నాయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినాడు. అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి పేరేంది అని అడిగినారు. "నరసిగాడు సార్" అన్నాడు మా నాయన. మా వాడలో నన్ను అట్లనే పిలిచేవాళ్లు. ఊర్లో వాళ్లూ అట్లనే పిలిచేవాళ్లు. కదిరి చుట్టుపక్కల ఇంటికొక నరసింహుడు ఉంటాడు. అదే దేవుడి పేరు ఊర్లో పెద్దిండ్ల పిల్లోనికి నరసింహారెడ్డి అయితాది, మా వాడకొచ్చేసరికి నరసిగాడు అయితాది. మీకంటే ముందున్న అయ్యోర్లు చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్లు. మా పెద్దనాయన సర్టిఫికెట్టులో చివర "గాడు" ఇప్పటికీ ఉంది. మీరు పెన్ను ఆపి "నరసింహులు అని రాస్తాన్నా, సరేనా అన్నా?" అని అడిగినారు. మా నాయనను ఒక సర్కారు ఉద్యోగి అన్నా అని పిలవడం నేను చూసింది అదే మొదలు.

రెండో గడి పుట్టిన తేదీ. మా నాయన తల గోక్కున్నాడు. ఇక్కడ ఎట్లుండేదో చదివే పిల్లలకు చెప్పాల. తేదీ తెలియని పిల్లోణ్ణి నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవాళ్లు. అందితే బడికి వయసు వచ్చినట్టు. తర్వాత పిల్లోని ఎత్తు చూసి, ఒక సంవత్సరం అనుకుని, దానికి జులై 1 తగిలించేవాళ్లు. కొన్ని బళ్లల్లో జూన్ 1. బడి తెరిచే రోజుల్లో రాసేది కాబట్టి లెక్కకు సులువు.

మీరు జులై 1 రాయలేదు. ఆ గడి ఖాళీగా పెట్టి, సాయంత్రం సైకిలు తొక్కుకుంటా మా వాడకొచ్చినారు. మాయమ్మ శెనక్కాయ విత్తనాలు ఒలుస్తాంది. "అమ్మా, ఈ పిల్లోడు ఎప్పుడు పుట్నాడు?" అంటే "యాడ గుర్తుంటాది సారూ" అనింది. మీరు లేవలేదు. ఎండాకాలమా, వానాకాలమా? కాయలు పీకినాకనా, ముందా? అప్పుడు మాయమ్మ అనింది: "కదిరి తేరు లాగిన మూడో దినం. మా నాయన తేరుకు పోయి బొరుగులు తెచ్చినాడు, నేను నొప్పులు పడతాన్నా. పెద్దోడు అప్పటికి నడస్తాన్నాడు." తేరు ఫాల్గుణంలో. మా అన్న నడవడం నుంచి ఏడాది తేలింది. మీరు కదిరికి పోయి ఒక అంగట్లో పాత పంచాంగం తిరగేసి, ఆ ఏటి తేరు తేదీకి రెండు రోజులు కలిపినారు. మార్చిలో ఒక తేదీ. ఆ గడి నింపడానికి మీకు నాలుగు రోజులు పట్టింది.

మాయమ్మకు తేదీ తెలియదనేది అబద్ధం సారూ. ఆమెకు తెలుసు. ఆమె లెక్క తేర్లతో, కరువులతో, శెనక్కాయ పంటలతో నడుస్తాది. ఆ లెక్కను రిజిస్టర్ లెక్కలోకి మార్చే ఓపిక సర్కారుకు లేదు, అంతే.

మూడో గడి కులం. అంతకుముందు పేజీల్లో మా వాళ్లందరికీ "హరిజన" అని ఉండేది. మీరు మా నాయనను అడిగి, ఆయన చెప్పిన కులం పేరే రాసినారు. మాలనా, మాదిగనా, రెల్లినా, ఉపకులమా అని 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజించినాక ఆ ఒక్క మాట విలువ చాలామందికి తెలిసొచ్చింది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, "హరిజన" అని రాసిన కాగితం పట్టుకుని తహసీల్దారు ఆఫీసులో నిలబడిన వాళ్ల అవస్థ ఒకటే.

ఇదంతా చదివి, మంచి మాస్టారు అని కన్నీళ్లు పెట్టుకునే మిత్రులు ఒక్క నిమిషం ఆగండి. అసలు సంగతి ఇప్పుడు చెప్తా.

మా సారు పుట్టిన తేదీ 1-7-1964.

అవును, జులై 1. ఆయనదీ మన వాడే. వాళ్ల అవ్వ ఆ ఊరి మంత్రసాని. ఊర్లో ఆసామి ఇంట్లో కానుపు చేసొచ్చిన నెలలోనే తన కోడలికి కానుపు చేసింది. ఇద్దరూ మొగపిల్లోళ్లే. ఒకే ఊరు, ఒకే నెల, ఒకే మంత్రసాని చేతులు. ఆసామి కొడుక్కు అయ్యవారిని పిలిపించి జాతకం రాయించినారు. అందులో 1966 ఉంది, బళ్లోనూ అదే ఎక్కింది. మా సారు చేతులు పొడుగు. చెవి సులువుగా అందింది. అయ్యోరు ఎగాదిగా చూసి రెండేళ్లు ఎక్కువేసి, 1964 జులై 1 అని రాసినాడు. వాళ్లమ్మను అడగలేదు. వాకిలి బయట నిలబడిన ఆమెను ఏమని అడుగుతాడు?

ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్టుకు ఎక్కింది. అక్కడి నుంచి సర్వీసు రిజిస్టర్‌కు ఎక్కింది. పుట్టిన తేదీ నమోదు మీద మన రాష్ట్రంలో 1984 నాటి నిబంధనలు ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు బడి రికార్డు చూసి రాసుకున్న తేదీని, గుమాస్తా రాతలో దొర్లిన తప్పు అయితే తప్ప, తర్వాత మార్చరు. తప్పు గుమాస్తాది కాదు కదా. ఆయన బడి రికార్డును ఉన్నదున్నట్టే ఎక్కించినాడు.

రిటైర్మెంటు వయసు 2022 జనవరి నుంచి 62. ఒకటో తేదీన పుట్టినోళ్లు అంతకుముందు నెల చివరి రోజునే దిగాల. అందుకే జులై 1 వాళ్లందరి సభలూ జూన్ 30నే. ఆసామి కొడుకు కూడా ప్రభుత్వ ఉద్యోగే. ఆయన 2028లో దిగుతాడు. ఒకే మంత్రసాని చేతుల్లో పడిన ఇద్దరిలో ఒకరికి రెండేళ్ల జీతం ఎక్కువ, ఒకరికి తక్కువ. దీన్ని ఏ కోర్టులోనూ కుల వివక్ష అని నిరూపించలేం. తిట్టినోడు లేడు, కొట్టినోడు లేడు. ఒక అయ్యోరు, ఒక పెన్ను, అడగని ఒక ప్రశ్న, అంతే.

సారూ, మీ మీద నాకు ఒక కోపం ఉంది. సభలో చెప్పలేను, ఇక్కడ చెప్తా. ఈ సంగతి మీరు ముప్పై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. మా తేదీల కోసం పంచాంగాలు తిరగేసినారు, పక్క బళ్లల్లో సహోద్యోగులు జులై 1 రాస్తాంటే మాత్రం మౌనంగా ఉన్నారు. పోయిన నెల మీ ఇంటికొచ్చి అడిగితే మీరు అన్నది ఇది: "కొత్తగా వచ్చిన ఎస్సీ మాస్టర్ను, రిజిస్టర్లు తప్పని లేస్తే నా రిజర్వేషనే ముందు తీస్తారు గదరా." నా కోపం అక్కడ సగం చచ్చిపోయింది. మిగిలిన సగం మీ మీద కాదు.

"అందరు టీచర్లూ మీలాగా ఉంటే" అని ఆ రోజు వక్తలు అంటారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. నా పుట్టినరోజు సైకిలు తొక్కే మంచి మనిషి మీద ఎందుకు ఆధారపడాల? ఆయన ఆ ఏడు వేరే ఊరికి పోస్టింగు అయ్యుంటే నేనూ జులై 1నే పుట్టేవాణ్ణి. దయగా దొరికేది హక్కు కాదు. 1900 నవంబర్ 7న సతారా హైస్కూలు రిజిస్టర్‌లో భివా రామ్‌జీ అంబేద్కర్ అని ఒక పిల్లోని పేరు ఎక్కింది. ఆ పేజీని ఇప్పటికీ భద్రంగా దాచినారు, ఆ రోజును మహారాష్ట్రలో విద్యార్థి దినంగా జరుపుతున్నారు. బడి రిజిస్టర్ అంటే ఏందో బాబాసాహెబ్ వాళ్లకు తెలుసు. మనం శాలువాల దగ్గర ఆగిపోయినాం.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరి బడికి పోయి పాత అడ్మిషన్ రిజిస్టర్ చూపించమని అడగండి. పుట్టిన తేదీ గడి మీద వేలు పెట్టి కిందికి దించండి. పెద్దిండ్ల పిల్లల తేదీలు పన్నెండు నెలల్లో చెదిరి ఉండి, మన పిల్లలు వరసగా జులై 1న పుట్టి ఉంటే, ఎవరి తల్లిని అడిగినారో, ఎవరి తల్లిని అడగలేదో అక్కడే కనిపిస్తాది. అన్నదమ్ములిద్దరికీ నాలుగు నెలల తేడా ఉన్న గడులు కూడా దొరుకుతాయి. పాస్‌పోర్టు ఆఫీసులో ఆ ఇద్దరూ ఏం చెప్పుకోవాల?

ఇది పాత కథ అనుకోవద్దు. జనన మరణ నమోదు చట్టాన్ని 2023లో సవరించినారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో గానీ, ఉద్యోగంలో గానీ తేదీకి రుజువు జనన ధృవీకరణ పత్రమే. అంటే పెన్ను అయ్యోరి చేతి నుంచి రిజిస్ట్రార్ చేతికి పోయింది. మన తనకల్లు, తలుపుల ఆడోళ్లు కాయలు ఎండిపోయిన ఏడు బెంగళూరు పనులకు పోయి, కట్టే బిల్డింగుల పక్క రేకుల షెడ్లలో కంటాన్నారు. పుట్టిన చోటే, 21 రోజుల్లోపు నమోదు చేయించాల. నెల దాటితే అనుమతులు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం తప్పు. ఆ మాట గట్టిగా చెప్పి చేర్పించండి. చేర్పించినాక పత్రం కోసం తిరగండి. వలసపోయే కుటుంబాల లిస్టు రాసుకుని, కానుపు దగ్గరున్న వాళ్లకు ఫోన్ చేసి, ఆస్పత్రి చీటీ పారేయొద్దని చెప్పండి. మా సారు ఒక్కడే సైకిలు మీద చేసిన పని ఇది. సంఘాలుగా మనం చేయలేమా?

సారూ, జూన్ 30న నేను వస్తా. సన్మాన పత్రం తీసుకురాను. మీ అవ్వ ఏ నెలలో ఆ రెండు కానుపులు చేసిందో మీ ఊరి ముసలోళ్లను అడిగినా. ఆసామి ఇంటి జాతకం నకలు కూడా దొరికింది. పాత పంచాంగం కూడా తెచ్చుకున్నా. మీ తేదీ లెక్కగట్టినా. దాన్ని ఏ ఆఫీసూ ఎక్కించుకోదు. ఒక తెల్లకాగితం మీద మీ పేరు, మీ అమ్మ పేరు, ఆ తేదీ రాసి మీ చేతికిస్తా.

ఆ రోజున, 2028లో, మళ్లీ మీ ఇంటికొస్తాం. అసలు సభ అప్పుడు పెట్టుకుందాం.

జై భీమ్.