కిడ్నీని చివరి వారానికి వదిలేస్తే

ఎంబీబీఎస్ మొదటి ఏడాది యూనివర్సిటీ పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయనగా ఫిజియాలజీ ఎలా చదవాలో సీనియర్లు జూనియర్లకు చెప్పే సలహా ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకో. పదేపదే వచ్చిన ప్రశ్నలకు గుర్తు పెట్టుకో. రక్తం, గుండె, నాడీవ్యవస్థ ముందు ముగించు. పుస్తకం మొత్తం మూడుసార్లు తిరగెయ్యి. ఇక కిడ్నీ అంటావా, జీఎఫ్ఆర్ మీద ఒక వ్యాసం, కౌంటర్ కరెంట్ మీద ఒక వ్యాసం చివరి వారంలో బట్టీ పట్టు, మిగతాది వదిలెయ్.

ఈ సలహాలో రెండు తప్పులున్నాయి. ఏది ముందు చదవాలో తప్పు చెబుతోంది, ఎలా చదవాలో కూడా తప్పు చెబుతోంది. పలాస, టెక్కలి, సోంపేట వైపు నుంచి శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలకో, రాగోలులోని జెమ్స్‌కో వెళ్లి చదివే పిల్లలు ఇదే సలహా పాటించడం మరీ బాధాకరం. వాళ్ల ఊళ్లలో డయాలిసిస్ అనే మాట తెలియని ఇల్లు అరుదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలున్న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా ఒక కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. షుగర్ ఉండదు, మొదట్లో బీపీ కూడా పెరగదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. వడపోత కంటే ముందు నాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింటాయి. ఎండదెబ్బా, నీళ్లా, పురుగుమందులా అన్నది ఇంకా తేలలేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ, శ్రీలంక వరి పొలాల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అలాంటి నేల నుంచి వచ్చిన విద్యార్థి కిడ్నీ పాఠాన్ని పది మార్కుల బరువుగా చూడటానికి కారణం అతని బద్ధకం కాదు, అతని చేతికి అందిన ప్రణాళిక.

బట్టీ పట్టినవాడికీ అర్థమైనవాడికీ తేడా ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణతో చూడొచ్చు. పలాస జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు వలిచే యాభై ఏళ్ల బక్కపలచటి స్త్రీని ఊహించుకుందాం. రక్తంలో క్రియాటినిన్ 1.2 మిల్లీగ్రాములు అని రిపోర్టు వచ్చింది. ల్యాబ్ కాగితం మీద నార్మల్ 0.6 నుంచి 1.2 వరకు అని ఉంది. అంటే బాగానే ఉన్నట్టా? ఆమె రోజుకు 1440 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి 1 మిల్లీలీటరు మూత్రం పోస్తోంది. ఆ మూత్రంలో డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల క్రియాటినిన్ ఉంది. క్లియరెన్స్ సూత్రం ప్రతి విద్యార్థికీ నోటికి వచ్చు:

C = U × V ÷ P = 50 × 1 ÷ 1.2 ≈ 42

నిమిషానికి 42 మిల్లీలీటర్లు. పుస్తకంలో రాసే అంకె 125. ఆమె శరీరం చిన్నది కాబట్టి దానికి తగ్గట్టు సరిచేసినా, ఉండాల్సినదాంట్లో సగానికి అటూఇటూగా మాత్రమే తేలుతుంది. పైగా నాళికలు కొంత క్రియాటినిన్‌ను సొంతంగా మూత్రంలోకి వదులుతాయి కాబట్టి అసలు వడపోత ఈ లెక్క కన్నా ఇంకాస్త తక్కువే. అదే 1.2 రిపోర్టు కండబలం ఉన్న ఒక మత్స్యకారుడికి వచ్చిందనుకోండి. అతని కండలు రోజుకు 1728 మిల్లీగ్రాముల క్రియాటినిన్ తయారుచేస్తుంటే అతని క్లియరెన్స్ 100. ఒకే అంకె, ఇద్దరు మనుషులు, ఒకరి కిడ్నీలు దాదాపు బాగున్నాయి, ఇంకొకరివి సగం పోయాయి.

ఇప్పుడు ఆమె గురించే ఇంకో ప్రశ్న. కొన్నేళ్ల కిందట ఆమె క్రియాటినిన్ 0.6 ఉండేది, వడపోత 83 ఉండేది. ఇప్పుడు వడపోత సగమైంది. మరి రోజు మొత్తం మూత్రంలో పోయే క్రియాటినిన్ ఎంత తగ్గింది? బట్టీ పట్టినవాళ్లలో ఎక్కువమంది సగం తగ్గిందని రాస్తారు. తగ్గలేదు. కండలు తయారుచేసేది తగ్గలేదు కాబట్టి బయటికి పోయేదీ తగ్గదు. వడపోత పడిపోయిన కొత్తల్లో కొంత రక్తంలో పేరుకుంటుంది. రక్తంలో గాఢత రెట్టింపు కాగానే సగం వడపోతతోనే పాత లెక్క మళ్లీ కుదిరిపోతుంది. వడపోత సగమైన ప్రతిసారీ క్రియాటినిన్ రెట్టింపవుతుంది. 0.6 నుంచి 1.2కి పెరగడం ఎవరి కంటికీ ఆనదు, 4 నుంచి 8కి పెరిగితే అందరూ ఉలిక్కిపడతారు. ఉద్దానంలో రోగులు అంత ఆలస్యంగా ఎందుకు దొరుకుతారన్నదానికి జవాబులో పెద్ద భాగం ఈ ఒక్క లెక్కలో ఉంది. సూత్రం రాసి, ఇన్యులిన్ లక్షణాలు ఐదు వరుసగా దింపి, పటం గీసిన విద్యార్థికి మార్కులు రావొచ్చు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోతాడు.

కౌంటర్ కరెంట్ కథ కూడా ఇంతే. హెన్లీ వంపు బొమ్మ గీసి, పక్కన 300, 600, 1200 అని అంకెలు వేయడం అందరికీ వచ్చు. ఆ 1200 ఎందుకో అడగాలి. మనిషి రోజుకు సుమారు 600 మిల్లీ ఆస్మోల్స్ వ్యర్థాలు బయటికి పంపాలి. లీటరుకు 1200 దాకా చిక్కబరచగల కిడ్నీకి దానికి అర లీటరు మూత్రం చాలు. మెడుల్లా దెబ్బతిని రక్తంతో సమానంగా, అంటే సుమారు 300 దగ్గరే ఆగిపోయిన కిడ్నీకి అదే పనికి రెండు లీటర్లు కావాలి. అందుకే అలాంటి రోగి రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడు. మే నెల ఎండలో తోటలో పనిచేసి, చెమటలో లీటర్లకొద్దీ నీరు పోయినా అతని మూత్రం తగ్గాల్సినంత తగ్గదు. ఏడీహెచ్ రక్తంలో నిండుగానే ఉంటుంది, ఆ హార్మోను మాట వినే మెడుల్లానే లేదు. రాత్రి లేవకుండా ఉండాలని అతను నీళ్లు తగ్గించేస్తే ఉన్న కాస్త వడపోతా పడిపోతుంది.

ఈ ఒక్క రోగిని పట్టుకుని మిగతా ఫిజియాలజీలో చాలా దూరం నడవచ్చు. అతను పాలిపోయాడు, ఎరిత్రోపోయిటిన్ కిడ్నీలోనే తయారవుతుంది కాబట్టి దారి రక్తం పాఠంలోకి వెళ్తుంది. ఊపిరి లోతుగా తీస్తున్నాడు, ఆమ్లం పేరుకుంది కాబట్టి శ్వాస పాఠం. పొటాషియం పెరిగి గుండె లయ చెడింది, అది రెస్టింగ్ పొటెన్షియల్ దగ్గర మొదలయ్యే కథ. ఎముకలు నొస్తున్నాయి, విటమిన్ డి చివరి మెట్టు కిడ్నీలోనే పూర్తవుతుంది కాబట్టి రెండో పేపర్లోని పారాథైరాయిడ్. చివరి వారానికి నెట్టేసిన పాఠం నిజానికి మొదటి వారంలో చదవాల్సింది.

కాబట్టి ఆరు వారాలు ఇలా సాగాలి. మొదటి వారం శరీర ద్రవాలు, కిడ్నీ. రెండో వారం గుండె, రక్తం, అందులో బీపీ నియంత్రణ దగ్గర రెనిన్ మళ్లీ వస్తుంది. మూడో వారం శ్వాస, ఆమ్ల క్షారాల సమతౌల్యం. నాలుగో వారం నాడి, కండరం, హార్మోన్లు. ఐదో వారం జీర్ణం, పునరుత్పత్తి, జ్ఞానేంద్రియాలు. ఆరో వారంలో కొత్త పాఠం ఒక్కటి కూడా ఉండకూడదు. ఇందులో కేంద్ర నాడీవ్యవస్థకు విడిగా వారం లేదు, దానికి కారణముంది. వెన్నుపాము దారులు, సెరిబెల్లం, బేసల్ గ్యాంగ్లియా కిడ్నీ రోగి కథలో ఇమడవు, అలాగని ఒక వారంలో కుక్కితే నిలవవు. వాటికి మొదటి రోజు నుంచీ రోజూ ముప్పావు గంట, పుస్తకం మూసి బొమ్మ గీయడానికి మాత్రమే.

పుస్తకం మూయడం అన్న మాట దగ్గరే సీనియర్ల సలహాలోని రెండో తప్పు దొరుకుతుంది. మూడుసార్లు చదవమంటారు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే విషయాన్ని పరీక్షించారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపించడమే విద్యార్థిని మోసం చేస్తుంది. అందుకే ప్రతి రోజూ మొదటి గంట ఖాళీ కాగితం ముందు గడవాలి. నిన్నటి పాఠం ఒకటి, పోయిన వారం పాఠం ఒకటి చూడకుండా రాయాలి, రానిచోట ఖాళీ వదలాలి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి ఆ ఖాళీలు మాత్రమే ఎర్ర సిరాతో నింపాలి. ఈ పద్ధతి మొదటి రెండు వారాలు ఇబ్బందిగా ఉంటుంది. పక్క గదిలో వాళ్లు రోజుకు యాభై పేజీలు చదివామంటుంటే తాను పదిహేను పేజీల దగ్గరే ఉండటం భయపెడుతుంది. మూడో వారంలో కిడ్నీ కాగితం మళ్లీ రాసినప్పుడు ఎర్ర సిరా తగ్గిందా లేదా అన్నదే చూసుకోవాల్సిన కొలత. తగ్గకపోతే తప్పు ఎక్కువసేపు చదవకపోవడం వల్ల కాదు, ఎక్కడో ఒక మెట్టు అర్థం కాకుండానే మాటలు కంఠస్థం అయ్యాయి. ఆ మెట్టు ఏదో స్నేహితుడికి నోటితో చెప్పబోతే తెలిసిపోతుంది.

పాత ప్రశ్నలు మళ్లీ వస్తాయి కదా అంటారు సీనియర్లు. వస్తాయి, అది నిజమే. పాత పత్రాలను పక్కన పడేయమని ఎవరూ అనడం లేదు. అయితే 2019లో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చాక రోగి కథ చెప్పి కారణం అడిగే ప్రశ్నలకు చోటు పెరిగింది. అలాంటిచోట ఏ పాయింటు తర్వాత ఏ పాయింటో గుర్తుండటం సరిపోదు. వైవాలో అయితే రెండో ప్రశ్నే ఎందుకు అని మొదలవుతుంది. పాత పత్రాల అసలు చోటు ఆరో వారం. మూడు గంటలు గడియారం పెట్టుకుని, రెండు పేపర్లకూ కలిపి కనీసం నాలుగు పత్రాలు పూర్తిగా రాయాలి. దిద్దేటప్పుడు మార్కులు వేసుకోవడంతో పాటు, ప్రతి జవాబు పక్కనా ఒక అంకె మార్చి మళ్లీ అడగాలి: ఆ పిక్కలు వలిచే స్త్రీ క్రియాటినిన్ 2.4 అయితే వడపోత ఎంత, పొటాషియం 7 అయితే కండరానికి ఏమవుతుంది, మెడుల్లా 600 దాకానే చిక్కబరచగలిగితే ఎన్ని నీళ్లు కావాలి. ప్రాక్టికల్స్‌కు వారంలో రెండు సాయంత్రాలు విడిగా ఉంచుకోవాలి, హీమోగ్లోబిన్ చూడటం, బీపీ కొలవడం కాగితం మీద రావు.