ఏపీవోను దాటి ఎంపీడీవో దగ్గరికి

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకం మండలాలకు పనితోపాటు ఒక కొత్త అధికార క్రమాన్నీ తెచ్చింది. కూలీల హాజరు పట్టీ, అంటే మస్టరు, ఫీల్డ్ అసిస్టెంటు చూసేవాడు. తవ్విన మట్టిని కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో రాయడం టెక్నికల్ అసిస్టెంటు పని. అతని మీద ఏపీవో, ఆ పైన ప్రోగ్రాం అధికారి హోదాలో ఎంపీడీవో, జిల్లాలో ప్రాజెక్టు డైరెక్టరు ఉండేవారు. తన అధికారిని దాటి ఆ పైవాడి దగ్గరికి పోవడం ఎప్పుడు సమంజసమో ఈ క్రమంలోనే పరీక్షించి చూడవచ్చు.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు అంచనాతో మంజూరైన ఒక సేద్యపు కుంట లోతు నిజానికి 1.2 మీటర్లే ఉందనుకుంటే, గట్ల వాలును పక్కనపెట్టి లెక్కించినా 200 ఘనపు మీటర్లకు బదులు 120 మాత్రమే తవ్వినట్టు. బుక్కులో 200 రాయమని ఏపీవో నోటిమాటగా చెబితే, అభ్యంతరం విని తీర్పు చెప్పవలసినవాడే ఆ తప్పులో భాగస్వామి అవుతాడు. దాటడానికి మొదటి కారణం ఇదే. రెండోది కాలం: ఒక్క వానకు కుంటలో ఒండ్రు చేరితే అసలు లోతు తేల్చడం ఎవరి తరమూ కాదు. సెలవు ఇవ్వకపోవడం, నలుగురిలో కసురుకోవడం బాధాకరమే గాని ఆ రెండు లక్షణాలూ వాటికి లేవు. అలాంటివి ముందు ఆ అధికారితోనే తేల్చుకోవలసినవి.

దాటే ముందు నోటి ఆదేశాన్ని కాగితం మీదికి రప్పించాలి. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలు నోటి ఆదేశానికి రాతపూర్వక ధ్రువీకరణ కోరమంటాయి. టెక్నికల్ అసిస్టెంటు లాంటి ఒప్పంద ఉద్యోగికి ఆ నియమాలు నేరుగా వర్తించకపోయినా పద్ధతి మంచిదే. “కొలత 1.2 మీటర్లు, 2 రాయమన్నారు, ధ్రువీకరించగలరు” అన్న ఒక్క వాక్యం పంపితే చాలాసార్లు ఆ ఆదేశమే వెనక్కి పోతుంది.

పోకపోతే ఎంపీడీవోకు ఒక పేజీలో పని పేరు, తేదీ, కొలత, ఫొటో మాత్రమే ఇవ్వాలి. ఏపీవో గుణగణాలు అందులో అనవసరం. శిక్ష కాక పునఃకొలత కోరితే, పై అధికారి ఎవరి పక్షమూ వహించకుండానే ఆదేశం ఇవ్వగలుగుతాడు. రికార్డు తారుమారయ్యే ప్రమాదం లేకపోతే దాని ప్రతిని ఏపీవోకూ అదే రోజు పంపాలి, ఎందుకంటే రేపు మళ్లీ పనిచేయవలసింది ఆయన కిందనే. ఊరి నాయకుడి ద్వారా చెప్పించడం ఇక్కడ సులువైన దారే, కానీ కొలత గొడవ అక్కడితో వర్గాల గొడవ అయిపోతుంది.

ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించి ఏడు రోజుల్లో పరిష్కరించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం 23వ సెక్షన్ ప్రోగ్రాం అధికారికి విధించింది. అందుచేత నమోదు సంఖ్య, తేదీ తీసుకోకుండా కార్యాలయం వదలకూడదు. ఎంపీడీవో ఆ కాగితాన్ని తిరిగి ఏపీవోకే పంపి ఊరుకుంటే, ఎనిమిదో రోజున ప్రాజెక్టు డైరెక్టరుకు చూపవలసినది ఆ సంఖ్యే.