బావిలో ఈతకి హీలియం వాల్వ్ ఎందుకు?

మాడుగులపల్లిలో వ్యవసాయ బావిలో ఈత కొట్టడానికి డైవ్ వాచ్ కొందామనుకుంటే, ముందు చిన్న లెక్క చూడండి. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకి ఒక అట్మాస్ఫియర్ ప్రెజర్ పెరుగుతుంది. 30 అడుగుల లోతుకి మునిగినా అదనంగా పడేది ఒకటి లోపే.

హీలియం వాల్వ్ కథే వేరు. సాచురేషన్ డైవర్లు రోజుల తరబడి ప్రెజర్ చాంబర్‌లో ఉంటూ హీలియం కలిసిన గాలి పీలుస్తారు. ఆ హీలియం మెల్లగా వాచ్‌లోకి దూరుతుంది. తర్వాత చాంబర్ ప్రెజర్ తగ్గించేటప్పుడు అంతే త్వరగా బయటికి రాలేక గ్లాస్‌ని ఊడగొట్టొచ్చు. వాల్వ్ దాన్ని వదిలేస్తుంది. మనకైతే అది డబ్బు దండగ, పైగా నీళ్లు కారడానికి ఇంకో దారి.

తిరిగే బెజెల్ మాత్రం పనికొస్తుంది. దాని గుర్తుని నిమిషాల ముల్లు దగ్గర పెట్టి దూకితే, ఎంతసేపు ఈదామో నేరుగా కనిపిస్తుంది. పొరపాటున తగిలి తిరిగినా గడిచిన టైమ్ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. ఒకే వైపు తిరిగేలా చేసింది అందుకే. అయినా ఈతకి ఇది తప్పనిసరేం కాదు.

మరి ‘30 మీటర్లు’ అని రాసిన వాచ్ చాలదా? చాలదు. అది కొత్త వాచ్‌కి, కదలని నీటి ప్రెజర్‌లో చేసే టెస్ట్. రబ్బర్ గాస్కెట్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే నా ఓటు 100 మీటర్ల రేటింగ్‌కి, స్క్రూ క్రౌన్‌కి. దూకే ముందు క్రౌన్ బిగించారో లేదో చూసుకోండి. గ్లాస్ లోపల ఆవిరి పట్టి కనిపిస్తే ఈత ఆపి, గాస్కెట్ మార్పించి, ప్రెజర్ టెస్ట్ చేయించండి.