ఒక గది, మూడు తరగతులు

మా సాయంకాలపు తెలుగు బడిలో గది ఒకటే, తరగతులు మూడు. ఉన్నది గంటసేపే. మొదటి 10 నిమిషాలు అందరికీ ఒకే మాట: మామిడి. చిన్నవాళ్లు అందులో ‘మ’ వెతుకుతారు. నడిమివాళ్లు ‘మ’ గుణింతం చెబుతారు. పెద్దవాళ్లు ఆ మాటతో వాక్యం రాస్తారు.

తర్వాత ఒక్కో జట్టు దగ్గర 15 నిమిషాలు కూర్చుంటాను. కొత్త పాఠం నా ముందున్న జట్టుకే. తక్కినవాళ్లకు వచ్చిన పనే ఇస్తాను.

ఒకసారి పెద్దవాళ్లకు ఒత్తులు నేర్పుతూ, నడిమివాళ్లకు కొత్త గుణింతం ఇచ్చాను. ఐదు నిమిషాల్లో పలకలన్నీ నా చుట్టూ చేరాయి. ముగ్గురు ఒకే ప్రశ్న అడిగితే, ఆ పని వాళ్లకింకా రాలేదన్నమాట.

చివరి 5 నిమిషాలు ఒక జట్టు రాసింది మరో జట్టు చదువుతుంది.